గ్యారేజీ మీది గదికి గాలి ఎందుకు అందలేదు

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉన్న మా అక్కవాళ్లింటికి జూలైలో వెళ్లాను. నాకిచ్చింది గ్యారేజీ మీద ఉన్న పడగ్గది. బయట వరండాలో థర్మోస్టాట్ 75 డిగ్రీలు చూపిస్తుంటే ఆ గదిలో 82. తలుపేసుకుంటే ఇంకా ఉక్క. "కొన్న రోజు నుంచీ ఇంతేరా. డక్టులు దుమ్ము పట్టాయి, శుభ్రం చేయిస్తే సరిపోతుందంటున్నారు" అంది అక్క. నేను చేసేది ఈ పనే కాబట్టి, డబ్బు కట్టే ముందు ఒకసారి అటకెక్కి చూస్తానన్నాను. మర్నాడు తెల్లవారుజామునే ఎక్కాను. టెక్సస్ ఎండాకాలంలో పొద్దెక్కాక అటకలో మనిషి నిలవలేడు.

అక్కడ దుమ్ము కంటే ముందు గొట్టం కనిపించింది. ఆ గదికి వెళ్లేది ఒకే ఒక్క 6 అంగుళాల ఫ్లెక్స్ డక్ట్, అంటే చుట్టూ దూదిపొర ఉండి లోపల తీగచుట్టు ఉన్న మెత్తటి గొట్టం. పాతిక అడుగుల దూరానికి ముప్పై అడుగులకు పైగా గొట్టం వాడి, మిగిలినదాన్ని కోయకుండా అలాగే వదిలేశారు. ఒకచోట వేలాడుతోంది, ఒకచోట చెక్కదూలం మీద మడత పడింది. లాగి బిగించని ఫ్లెక్స్ గొట్టం లోపల ముడతలు పడుతుంది. ప్రతి ముడతా గాలిని ఆపుతుంది. గాలి ఎప్పుడూ సులువైన దారే చూసుకుంటుంది కనుక, ఈ గదికి రావలసింది దగ్గరి గదులకు పోతోంది.

అసలు ఎంత రావాలి? పై అంతస్తుకున్నది 3 టన్నుల యంత్రం. టన్నుకు నిమిషానికి 400 ఘనపుటడుగుల గాలి అన్న వాడుక లెక్కన మొత్తం 1,200. దాన్ని గదుల సంఖ్యతో భాగించకూడదు, ఏ గదిలోకి ఎంత వేడి వస్తుందో ఆ వాటా ప్రకారం పంచాలి. ఈ గదికి మూడు వైపులా బయటి గోడలే, పడమటి కిటికీ ఉంది, కింద గ్యారేజీ కాగుతుంటుంది. లెక్క కడితే పై అంతస్తు వేడిలో ఎనిమిదో వంతు దీనిదే అని తేలింది. అంటే 150 ఘనపుటడుగులు కావాలి. వెంట్‌కి కొలిచే పరికరం ఆనిస్తే వచ్చింది 55.

గొట్టాన్ని అవసరమైనంతే ఉంచి కోసి, బిగుతుగా లాగి, నాలుగడుగులకో పట్టీతో వేలాడదీస్తే 80 అయింది. చక్కగా వేసినా 6 అంగుళాల ఫ్లెక్స్ మోసేది సుమారుగా అంతే, మహా అయితే వంద. 8 అంగుళాలది వేశాం. పెరిగింది రెండంగుళాలే, కానీ అదే ఒత్తిడిలో దాదాపు రెట్టింపు గాలి వెళ్తుంది. కొలత 145కి చేరింది. మిగతా గదులు కొద్దిగా తగ్గాయి. వాటిలో ఎక్కువ గాలి వస్తున్న రెండింటి డ్యాంపర్లు కాస్త మూసి సరిచేశాం. చాలామంది వాడని గదుల వెంట్లు పూర్తిగా మూసేస్తారు. అలా చేస్తే డక్టుల్లో ఒత్తిడి పెరిగి, అతుకుల దగ్గర కారడం ఎక్కువవుతుంది. మరీ తగ్గితే కాయిల్ మీద మంచు కడుతుంది.

ఆ రాత్రి తలుపేసుకుని పడుకుంటే మళ్లీ వేడి. లోపలికొచ్చిన గాలి తిరిగి వెళ్లాలి, దాన్ని పీల్చుకునే రిటర్న్ జాలీ మాత్రం వరండాలో ఉంది. 30 అంగుళాల తలుపు కింద అంగుళం సందు ఉంటే, గదిలో ఒత్తిడి ఇబ్బంది పెట్టనంతలో, దాని గుండా నిమిషానికి 55 ఘనపుటడుగులు వెళ్తాయి. మిగతాది బయటికి పోలేదు, కనుక కొత్తది లోపలికి రాలేదు. తలుపు సందు దగ్గర టిష్యూ కాగితం పెడితే అది బయటికి రెపరెపలాడింది. ఇంట్లో ఎవరైనా చేసి చూడగల పరీక్ష ఇది. గది పైకప్పు నుంచి వరండా పైకప్పుకు అటక మీదుగా ఒక 10 అంగుళాల గొట్టం వేశాం. మర్నాటి సాయంత్రం తలుపేసి ఉండగా గది 77.

ఇక దుమ్ము సంగతి. పాత గొట్టం విప్పి అక్కకు చూపించాను. లోపల ప్లాస్టిక్ మీద పలచటి బూడిదరంగు పొర తప్ప ఏమీ లేదు. దానివల్ల గాలి తగ్గదు. డక్టులను ఏటేటా కడిగించాలని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా చెప్పదు. బూజు కనిపించినా, ఎలుకలో పురుగులో చేరినా, వెంట్లలోంచి దుమ్ము రాలుతున్నా చేయించమంటుంది. పైగా ఫ్లెక్స్ గొట్టంలో బ్రష్షు తిప్పితే లోపలి పొర చిరుగుతుంది. గాలిని నిజంగా అడ్డుకునే మురికి ఫిల్టర్‌లో, కాయిల్ రెక్కల మధ్య, బ్లోయర్ చక్రం పలకల మీద ఉంటుంది.

ఆ ఇంట్లో కాయిల్ యంత్రం వైపు నిజంగానే మురికిగా ఉంది. రిటర్న్ పెట్టె మూల దగ్గర వేలు పట్టేంత సందు ఉంది, చుట్టూ దూదిపొర నల్లబడింది. ఫిల్టర్ దాటాక ఉన్న ఆ సందులోంచి అటకలోని దుమ్ము నేరుగా కాయిల్ మీదికి పోతోంది. ముందు దాన్ని మాస్టిక్ అనే ముద్దతో పూడ్చాం. గుడ్డటేపు వేడికి ఊడిపోతుంది. ఆ తర్వాతే కాయిల్ కడిగించాం. సందు అలాగే ఉంచి కడిగిస్తే మళ్లీ వేసవికి అదే మురికి.