వంతెన కింద ఎంత జాగా?

2013 మే 23 సాయంత్రం అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో స్కాజిట్ నది మీది వంతెన ఎక్కిందొక లారీ. దాని మీద ఉన్నది మామూలు సరుకు కాదు, పెద్ద ఇనుప షెడ్డు. అంత ఎత్తు సరుకుకి ప్రత్యేక అనుమతి తీసుకున్నారు. ముందు దారి చూపడానికి, ఎత్తు కొలిచే నిలువు కర్ర కట్టిన పైలట్ కారు కూడా నడుస్తోంది. అయినా షెడ్డు పైభాగం వంతెన మీది అడ్డ కమ్ముల్ని ఒకదాని తర్వాత ఒకటి కొట్టుకుంటూ పోయింది. లారీ క్షేమంగా అవతలి ఒడ్డుకు చేరింది. దాని వెనకే వంతెనలో ఒక భాగం నదిలో కూలింది. రెండు వాహనాలు నీళ్లలో పడ్డాయి. అందులోని ముగ్గురూ ప్రాణాలతో బయటపడ్డారు.

ఇక్కడ అసలు తిరకాసు ఏమిటంటే, ఆ లారీ వెళ్లగలిగే జాగా వంతెన మీద ఉంది. పై కమ్ములు విల్లులా వంగి ఉండడంతో మధ్యలో ఎత్తు ఎక్కువ, అంచుల్లో తక్కువ. ఎడమ లేన్‌లో నడిచి ఉంటే ఏమీ తగిలేది కాదు. కుడి అంచున జాగా 15 అడుగులకన్నా తక్కువ. లారీ వెళ్లింది కుడి లేన్‌లోనే. పైగా అనుమతి 15 అడుగుల 9 అంగుళాలకు తీసుకుంటే, దర్యాప్తులో సరుకు ఎత్తు 15 అడుగుల 11 అంగుళాలని తేలింది. పైలట్ కారు నడిపిన వ్యక్తి ఆ సమయంలో ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు కూడా బయటపడింది.

అంటే వంతెన కిందకో లోపలికో వెళ్లే పెద్ద బండికి రెండు అంకెలు కావాలి. ఒకటి బోర్డు చెబుతుంది. రెండోది డ్రైవరు తనే తెలుసుకోవాలి.

మన రోడ్ల మీద ఈ బోర్డులు గుండ్రంగా, తెల్లటి నేల మీద ఎర్రటి అంచుతో ఉంటాయి. అంకెకు పైనా కిందా నల్లటి త్రికోణాలుంటే అది ఎత్తు పరిమితి. అటూ ఇటూ ఉంటే వెడల్పు పరిమితి. టన్నుల అంకె ఉంటే బరువు. ఎర్రటి అంచు గల గుండ్రటి బోర్డు సలహా కాదు, పాటించి తీరాల్సిన ఆజ్ఞ. 3.5 మీటర్లని రాసి ఉంటే అడుగుల్లో సుమారు 11 అడుగుల 6 అంగుళాలు. బండి ఎత్తు అడుగుల్లో గుర్తుపెట్టుకునే అలవాటున్న వాళ్లు ఈ లెక్క ముందే చేసి క్యాబిన్‌లో అంటించుకుంటే, బోర్డు ఎదురైనప్పుడు తడుముకోనక్కర్లేదు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2020లో చేసిన సవరణ ప్రకారం సరుకు లారీ ఎత్తు 4 మీటర్ల దాకా ఉండొచ్చు. వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. ఇది రోడ్డెక్కడానికి అర్హత మాత్రమే. దారిలోని ప్రతి వంతెనా 4 మీటర్ల బండికి చోటిస్తుందని దీని అర్థం కాదు. ముఖ్యంగా రైలు గేటు తీసేసి పట్టాల కింద కట్టిన చిన్న దారులు చాలా చోట్ల ఇంతకన్నా తక్కువ ఎత్తులో ఉంటాయి.

ఒక లెక్క చూద్దాం. పొలాల్లో కాలువ తవ్వడానికి పొక్లెయిన్‌ని లో-బెడ్ ట్రైలర్ మీద ఎక్కించారనుకుందాం. ట్రైలర్ పలక నేల నుంచి 1 మీటరు. పొక్లెయిన్ చేయి మడిచాక దాని అత్యంత ఎత్తైన చోటు పలక నుంచి 3.1 మీటర్లు. మొత్తం 4.1. ఎదురుగా అండర్ బ్రిడ్జి బోర్డు 4.2 అంటోంది. కాగితం మీద 10 సెంటీమీటర్లు మిగిలినట్టే. కానీ అండర్ బ్రిడ్జి దారి రెండు వైపుల నుంచీ కిందికి దిగి మధ్యలో కలుస్తుంది. ప్రతి 20 మీటర్లకు 1 మీటరు దిగే వాలు రెండు వైపులా ఉందనుకుంటే, ముందు చక్రాలు అవతలి వాలు ఎక్కుతూ, వెనక చక్రాలు ఇవతలి వాలు మీదే ఉన్నప్పుడు బండి నడుము గుంటకు అడ్డంగా వంతెన వేసినట్టు నిలుస్తుంది. చక్రాల మధ్య దూరం 8 మీటర్లయితే ఆ నడుము రోడ్డు కన్నా 20 సెంటీమీటర్లు పైకి లేచినట్టు. చూసుకున్న 10 సెంటీమీటర్ల జాగా ఎగిరిపోయి గడ్డరు తగులుతుంది. దారి మూల సాఫీగా వంపు తిరిగి ఉంటే ఈ తేడా తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు.

బండి ఎత్తు కూడా ఎప్పుడూ ఒకేలా ఉండదు. నిండు లోడుతో ఒక బ్రిడ్జి కింద నుంచి వెళ్లిన మూసిన బాడీ లారీ, సరుకు దించి తిరిగొచ్చేటప్పుడు అదే బ్రిడ్జికి తగలొచ్చు. బరువు తగ్గాక స్ప్రింగులు పైకి లేస్తాయి కాబట్టి. రోడ్డు కూడా అంతే. తారు పొర మీద పొర వేసుకుంటూ పోతే, ఒక్కో పొర 4, 5 సెంటీమీటర్లయినా రెండు సార్లకు వంతెన కింద జాగా జానెడులో సగం తగ్గుతుంది. బోర్డు మీది అంకె మాత్రం పాతదే ఉండిపోవచ్చు.

కొలవడం కష్టమేమీ కాదు. లోడింగ్ అయ్యాక, తాడు బిగించాక, చదునైన చోట బండి ఆపాలి. అన్నిటికన్నా ఎత్తైన భాగం మీద ఒక తిన్నని కర్రను అడ్డంగా బయటికి వచ్చేలా పెట్టి, దాని చివర నుంచి నేలకు టేపు వదలాలి. టార్పాలిన్ ఉబ్బు, పైన కట్టిన స్టెప్నీ, పొక్లెయిన్ చేతి మీద పొంగిన గొట్టం, అన్నీ లెక్కలోకి వస్తాయి. గడ్డి లోడైతే దారిలో కదిలి ఒక పక్కకి ఒరుగుతుంది కనుక వంతెన ముందు మళ్లీ చూసుకోవాలి.

రైలు గేట్ల దగ్గర రోడ్డుకి అడ్డంగా, 4.67 మీటర్ల ఎత్తున ఇనుప కమ్మీ కనిపిస్తుంది. దాన్ని హైట్ గేజ్ అంటారు. విద్యుత్ రైళ్ల తీగలో ప్రవహించేది 25,000 వోల్టులు. బండి తీగను తాకనక్కర్లేదు, బాగా దగ్గరికి వెళ్లినా చాలు, కరెంటు దూకుతుంది. ఆ ప్రమాదం దాకా పోకుండా కమ్మీయే ముందు తగలాలని దాని ఏర్పాటు. అది తగిలితే బండి ఇక ముందుకు పోకూడదు.

బరువు బోర్డుల దగ్గర పొరపాటు వేరే రకం. 2018 నిబంధనల ప్రకారం రెండు ఇరుసుల లారీ మొత్తం బరువు 18.5 టన్నుల దాకా ఉండొచ్చు. పాత వంతెన బోర్డు 10 టన్నులంటే అది సరుకు బరువు కాదు, బండితో సహా. ఖాళీ బండి 6 టన్నులుంటే ఇక మిగిలింది 4 టన్నులే. ఆర్‌సీలో ఖాళీ బరువు, అనుమతించిన మొత్తం బరువు రెండూ ఉంటాయి. ఇప్పుడున్న లోడు ఎంతో చెప్పేది కాటా చీటీ మాత్రమే.

ఇంతా చేసి ఒకవేళ గడ్డరుకి తగిలితే, ముందుకో వెనక్కో లాగి విడిపించాలని చూడడం పొరపాటు. రైలు వంతెనైతే దెబ్బకి పైన పట్టాలు కదిలి ఉండొచ్చు. రైల్వే హెల్ప్‌లైన్ 139కి, పోలీసులకి 112కి ఫోన్ చేసి, వంతెన మీద రాసి ఉండే నంబరు చెబితే ఏ వంతెనో వాళ్లకి వెంటనే తెలుస్తుంది. రైల్వే సిబ్బంది పైకెక్కి పరీక్షించి, సరే అన్నాకే టైర్లలో గాలి తీసి బండిని కొంచెం కిందికి దించి, మెల్లగా వెనక్కి తీస్తారు.