ఫొటోలోంచి మనిషిని తీశాం, మరి పంపేదెలా?

పెళ్లిపత్రికకో, పచ్చళ్ల సీసా లేబుల్‌కో, ఫంక్షన్ ఫ్లెక్సీకో వెనక ఏమీ లేని బొమ్మ కావాలంటే ఒకప్పుడు డీటీపీ సెంటర్‌కి వెళ్లి, ఫొటోషాప్ తెలిసినవారి పక్కన కూర్చోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ పని ఫోన్ గ్యాలరీలోనే అయిపోతోంది. ఫొటో తెరిచి, మనిషి మీద వేలు పెట్టి కాసేపు నొక్కి ఉంచితే చాలు. ఆ మనిషి చుట్టూ ఒక మెరుపు తిరుగుతుంది, వెనకున్న గోడా చెట్టూ వదిలేసి బొమ్మ విడిగా పైకి వస్తుంది.

ఐఫోన్‌లో ఈ సౌకర్యం 2022లో ఐఓఎస్ 16తో వచ్చింది. 2018లో వచ్చిన ఎక్స్ఎస్, ఎక్స్ఆర్ మోడళ్లు, ఆ తర్వాతివి దీన్ని నడపగలవు. శామ్‌సంగ్ 2023 ఫిబ్రవరిలో గెలాక్సీ ఎస్23తో పాటు తన గ్యాలరీలోకి తెచ్చి, తర్వాత మరికొన్ని గెలాక్సీ ఫోన్లకూ ఇచ్చింది. బొమ్మ పైకి లేవగానే ఐఫోన్‌లో Copy, Share అని, శామ్‌సంగ్‌లో వాటితో పాటు Save as image అని కనిపిస్తాయి.

తీయడం ఇంత తేలికైంది కానీ, తీసిన బొమ్మ అవతలివారికి చేరేసరికి దాని వెనక మళ్లీ తెల్లటి డబ్బానో నల్లటి డబ్బానో వచ్చి కూర్చుంటోంది. తప్పు తీయడంలో జరగదు, ఎక్కువగా పంపడంలోనే జరుగుతుంది. అందుకే ఏ దారిలో పంపితే ఏం పోతుందో తెలుసుకోవాలి.

వెనక ఏమీ లేదంటే ఏమిటి?

ఫొటో అంటే లక్షల చుక్కల వరుస. మామూలు ఫొటోలో ఒక్కో చుక్కకి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంతో చెప్పే మూడు అంకెలుంటాయి. గ్యాలరీ మనిషిని విడదీసినప్పుడు నాలుగో అంకె ఒకటి చేరుతుంది. ఆ చుక్క ఎంత కనిపించాలో అది చెబుతుంది. 255 ఉంటే పూర్తిగా కనిపిస్తుంది, 0 ఉంటే అసలు కనిపించదు. జుట్టు అంచుల్లాంటి చోట మధ్య అంకెలుంటాయి. దీన్ని ఆల్ఫా అంటారు.

ఈ నాలుగో అంకెను దాచుకునే చోటు అన్ని ఫైళ్లలోనూ ఉండదు. 1996లో వచ్చిన పీఎన్‌జీలో ఉంది. మనం రోజూ పంపుకునే జేపీజీలో లేదు. పీఎన్‌జీ గాజుపలక మీద వేసిన బొమ్మ లాంటిది, దేని మీద పెట్టినా వెనకున్నది కనిపిస్తుంది. అదే బొమ్మను జేపీజీగా మార్చే యాప్‌కి ఖాళీని ఖాళీగా ఉంచే వీలు లేదు. ఆ చోట ఏదో ఒక రంగు నింపాలి. కొన్ని యాప్‌లు తెలుపు నింపుతాయి. నింపకుండా నాలుగో అంకెను వదిలేసేవి కూడా ఉన్నాయి. అప్పుడు ఖాళీ చుక్కల్లో మిగిలేది సాధారణంగా సున్నాలే, మూడు రంగులూ సున్నా అయితే అది నలుపు. నల్ల డబ్బా వచ్చేది అందుకే.

ఒక షష్టిపూర్తి ఫ్లెక్సీ

ఒక ఉదాహరణ తీసుకుందాం. నాన్నగారి షష్టిపూర్తికి అబ్బాయి ఫ్లెక్సీ వేయిస్తున్నాడు. అందులో ఆయన నిలువెత్తు బొమ్మ నాలుగు అడుగుల ఎత్తున రావాలి. పెరట్లో మామిడిచెట్టు ముందు నిలబెట్టి ఫోన్‌తో తీసిన నిలువు ఫొటో ఉంది. అది 12 మెగాపిక్సెల్ ఫొటో, అంటే 3024 అడ్డం, 4032 నిలువు. అందులో తల నుంచి పాదాల దాకా నాన్నగారు ఆక్రమించినది నిలువునా 3000 చుక్కలు అనుకుందాం. విడదీసిన బొమ్మ ఆయన చుట్టూ బిగుతుగా కత్తిరించి వస్తుంది కాబట్టి, దాని ఎత్తు మహా అయితే ఆ 3000. నాలుగు అడుగులంటే 48 అంగుళాలు. అంగుళానికి 62 చుక్కలు పడతాయి. నాలుగు అడుగుల దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి ఇది సరిపోతుంది.

ఇప్పుడు పంపాలి. అబ్బాయి ముందుగా Share నొక్కి, వాట్సాప్‌లో ఫ్లెక్సీ షాపు నంబరుకి మామూలు ఫొటోలాగే పంపాడు. కాసేపట్లో జవాబు వచ్చింది: "సార్, వెనకంతా నల్లగా వచ్చింది. పీఎన్‌జీ డాక్యుమెంట్‌లో పెట్టండి."

వాట్సాప్ ఫొటోగా వెళ్లేదాన్ని జేపీజీ చేసి, కొలత కూడా తగ్గించి పంపుతుంది. మామూలు నాణ్యతలో పొడుగు వైపు సుమారు 1600 చుక్కలకు దిగుతుంది. అంటే నాన్నగారి బొమ్మ అంగుళానికి 33 చుక్కలకు పడిపోయింది, వెనక ఖాళీ కూడా పోయింది. 2023 నుంచి ఉన్న HD బటన్ నొక్కితే కొలత మెరుగవుతుంది కానీ అదీ జేపీజీయే, నల్ల డబ్బా అలాగే ఉంటుంది. ఇక్కడ చాలామంది మోసపోతారు. హెచ్‌డీ అంటే అసలు ఫైలు ఉన్నదున్నట్టు వెళ్లిందనుకుంటారు.

నలుపును షాపువాళ్లే తీసేసుకోవచ్చు కదా అనిపిస్తుంది. తీస్తారు కానీ పని శుభ్రంగా రాదు. జేపీజీ కుదించేటప్పుడు అంచుల చుట్టూ చిన్నచిన్న మరకలు చేరతాయి. నల్ల ప్యాంటు, నల్ల బూట్లు ఎక్కడ ఆగాయో, నల్ల వెనకభాగం ఎక్కడ మొదలైందో తేల్చడం కష్టం. ఫైలు పేరు చివర .jpg తీసేసి .png అని రాసినా లాభం లేదు. పేరు మారుతుంది తప్ప పోయిన నాలుగో అంకె తిరిగి రాదు.

రెండోసారి అబ్బాయి స్టిక్కర్‌గా పంపాడు. ఈసారి వెనక శుభ్రంగా ఖాళీగా ఉంది. కానీ వాట్సాప్ స్టిక్కర్ కొలత 512 చుక్కల చదరం, కదలని స్టిక్కర్ బరువు 100 కేబీ దాటకూడదు. నిలువెత్తు మనిషి 512 చుక్కల్లో ఇమిడిపోయాడు. 48 అంగుళాల మీద పరిస్తే అంగుళానికి పది చుక్కలు. ముఖం గళ్లుగళ్లుగా వస్తుంది. స్టిక్కర్ దారిలో ఖాళీ మిగులుతుంది, బొమ్మ చిక్కిపోతుంది. చాటింగ్‌లో సరదాకి బాగుంటుంది, అచ్చుకి పనికిరాదు.

మూడో దారి సరైనది. శామ్‌సంగ్‌లో అయితే ముందుగా Save as image నొక్కి గ్యాలరీలో దాచుకోవాలి. ఐఫోన్‌లో Share నొక్కి Save to Files ఎంచుకోవాలి. తర్వాత వాట్సాప్‌లో ఆ షాపు చాట్ తెరిచి, జోడించే గుర్తు నొక్కి, గ్యాలరీ వైపు పోకుండా Document ఎంచుకుని, దాచిన ఫైలును అక్కడి నుంచి పంపాలి. డాక్యుమెంట్‌గా వెళ్లేదాన్ని వాట్సాప్ ముట్టుకోదు. ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది. పరిమితి 2 జీబీ, మన బొమ్మ కొన్ని ఎంబీలే. చాట్‌లో అది మామూలు ఫొటోలా పరుచుకోకుండా, ఫైలు పేరుతో ఒక పట్టీలా కనిపించి, PNG అని ఉంటే సరిగ్గా వెళ్లినట్టు.

టెలిగ్రామ్‌లోనూ ఇదే సూత్రం. ఫొటోగా పంపితే పోతుంది, ఫైలుగా పంపితే నిలుస్తుంది. ఈమెయిల్‌కి జోడించినా, గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు ఇచ్చినా ఫైలు చెక్కుచెదరదు. జీమెయిల్‌లో జోడింపుల పరిమితి 25 ఎంబీ. ఐఫోన్ మెయిల్ యాప్ సైజు అడిగితే Actual Size అనే చెప్పాలి.

మరో మాట. దారిలో ఒక్కరు తప్పు చేసినా అంతే. అబ్బాయి డాక్యుమెంట్‌గా పంపాక, షాపులో కౌంటర్ దగ్గరున్నవారు దాన్ని తెరిచి స్క్రీన్‌షాట్ తీసి డిజైనర్‌కి పంపితే పని మళ్లీ మొదటికొస్తుంది. వచ్చిన ఫైలునే ముందుకు పంపమని చెప్పాలి.

పంపేముందు ఎలా చూసుకోవాలి?

గ్యాలరీలో బొమ్మ వెనక తెల్లగానో నల్లగానో కనిపించడం దేనికీ రుజువు కాదు. ఖాళీ చోట గ్యాలరీ తన సొంత రంగు చూపిస్తుంది. నిజం తెలియాలంటే బొమ్మను ముదురు రంగు మీద పెట్టి చూడాలి. గూగుల్ స్లైడ్స్‌లో ఒక స్లైడ్‌కి పసుపో ఎరుపో రంగు వేసి, దాని మీద ఈ బొమ్మ చొప్పించండి. చుట్టూ పసుపు కనిపిస్తే ఖాళీ పదిలంగా ఉంది. డబ్బా కనిపిస్తే ఎక్కడో పోయింది.

ఫైలు వివరాలు కూడా ఒకసారి తెరవండి. ఐఫోన్ ఫొటోస్‌లో i గుర్తు నొక్కినా, శామ్‌సంగ్‌లో ఫొటోను పైకి జరిపినా కొలత, ఫైలు పేరు కనిపిస్తాయి. పేరు .png తో ముగియాలి. ఎత్తు మీరు ఊహించిన దానికి దగ్గరగా ఉండాలి. మూడు వేలు ఉండాల్సిన చోట ఐదారు వందలే కనిపిస్తే, అసలు ఫొటో కాకుండా ఇంతకుముందే ఎవరో వాట్సాప్‌లో పంపిన చిన్న కాపీ మీద పని చేశారేమో చూసుకోండి.

రంగు స్లైడ్ మీద పెట్టినప్పుడు అంచులు దగ్గరగా చూడండి. నాన్నగారి నెరిసిన జుట్టు మామిడి ఆకుల ముందు ఉంది కదా, వెంట్రుకల చివర ఉన్న చుక్కల్లో జుట్టు తెలుపుతో పాటు ఆకుల పచ్చదనం కూడా కలిసిపోయి ఉంటుంది. చెట్టు పోయినా ఆ పచ్చదనం వెంట్రుకలతో వచ్చేస్తుంది. పసుపు ఫ్లెక్సీ మీద తల చుట్టూ సన్నటి పచ్చ గీతలా కనిపిస్తుంది. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడితే, చేతికీ ఒంటికీ మధ్య సందులో కూడా చెట్టు ముక్క మిగిలిపోవచ్చు. తెల్ల పంచె తెల్ల గోడలో కలిసిపోతే అంచు తేల్చలేక పంచె చివర కొరికేసినట్టు వస్తుంది. కుర్చీలో కూర్చుంటే కుర్చీ కూడా ఆయనతో పాటే లేచి రావచ్చు, ఎందుకంటే ఈ పనిముట్టు వెతికేది ముందున్నదేమిటన్నదే, మనిషి ఎవరన్నది కాదు.

ఐఫోన్ గ్యాలరీలో ఈ అంచును వేలితో సరిదిద్దే వీలు లేదు. ఫోన్ ఇచ్చిందే తీసుకోవాలి. అందుకే చిన్న బొమ్మలకి ఈ పనిముట్టు చాలు కానీ, ముఖం పెద్దగా పడే అచ్చుపనికి అసలు ఫొటోను కూడా డాక్యుమెంట్‌గానే జతచేసి పంపడం మంచిది. జుట్టు దగ్గర పచ్చగీత వస్తే షాపులో దాన్ని చూసి సరిచేస్తారు. కొత్తగా ఫొటో తీసే అవకాశం ఉంటే, బట్టల రంగుకీ జుట్టుకీ పోలిక లేని సాదా గోడ ముందు, గోడకి రెండడుగులు ఎడంగా నిలబెట్టి తీయండి. అంచు అప్పుడే స్పష్టంగా పడుతుంది, తర్వాత ఎవరూ దిద్దనవసరం ఉండదు.