మూడు పక్కన సున్నా ఉంటే

స్లిదర్‌లింక్ పజిల్ మొదటిసారి చూసినవాళ్లకి ఇందులో ఏముందనిపిస్తుంది. వరసలుగా చుక్కలు, నాలుగేసి చుక్కల మధ్య ఒక గడి, కొన్ని గళ్లలో అంకెలు, అంతే. పక్కపక్క చుక్కల్ని అడ్డంగానో నిలువుగానో కలుపుతూ పోయి, గీతను బయల్దేరిన చోటికే చేర్చాలి. పూర్తయ్యాక పజిల్ మొత్తంలో ఒకే ఒక్క చుట్టు ఉండాలి. అది ఎక్కడా తనను తాను దాటకూడదు, చీలకూడదు. గడిలో ఉన్న అంకె, ఆ గడి నాలుగు వైపుల్లో ఎన్నింటి మీద గీత పడుతుందో చెబుతుంది. అంకె లేని గడికి ఏ షరతూ లేదు. దాన్ని సున్నాగా లెక్కేసుకుంటే మాత్రం పజిల్ ఎంతకీ తెగదు. సుడోకుకి ఆ పేరు పెట్టిన జపాన్ సంస్థ నికోలియే దీన్ని కూడా 1989 జూన్‌లో తన పత్రిక 26వ సంచికలో తొలిసారి అచ్చు వేసింది.

అందరి చూపూ ముందు అంకెల మీదే పడుతుంది. అసలు పట్టు చుక్కల్లో ఉంది. ఏ చుక్క తీసుకున్నా, గీత దాని మీదుగా పోతే ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపుకి వెళ్లాలి. పోకపోతే అసలు తాకకూడదు. అంటే చుక్క దగ్గర రెండు గీతలైనా ఉండాలి, ఒక్కటీ లేకుండానైనా ఉండాలి. ఒక్కటే ఉంటే దారి మూసుకుపోయినట్టు, మూడుంటే చీలినట్టు. అందుకే గీత పడదని తేలిన ప్రతిచోటా చిన్న ఇంటూ గుర్తు పెట్టుకోవాలి. గీతలు ఎంత చెబుతాయో ఇంటూలు కూడా అంతే చెబుతాయి. అవి పెట్టడానికి బద్ధకించినవాళ్లు సగం పజిల్‌లో ఆగిపోవడం తరచూ చూస్తుంటాం.

ఇప్పుడు మూలలకి వద్దాం. పజిల్ మూలన ఉన్న చుక్కకి రెండే దారులు. ఒకదాని మీద గీత పడితే రెండోదాని మీదా పడి తీరాలి. ఇదొక్కటే పట్టుకుంటే మూల గడిలోని అంకె దానంతటదే విడిపోతుంది. అక్కడ 3 ఉందనుకోండి. బయటి రెండు వైపులూ వదిలేస్తే మిగిలేది రెండే కాబట్టి, ఆ రెండిటి మీదా గీత ఖాయం. 1 ఉంటే బయటి రెండూ ఇంటూలే, ఎందుకంటే అవి జంటగా వస్తాయి, జంటగా వస్తే లెక్క దాటిపోతుంది.

నాకు వీటన్నిటిలో ఎక్కువ నచ్చేది మూల 2. దానికి రెండు అవకాశాలు: బయటి జంట, లేదా లోపలి జంట. ఏదో అప్పుడే తేలదు. తేలకపోయినా ఫలితం దక్కుతుంది. బయటి జంట అయితే గీత మూల తిరిగి అంచు వెంటే పక్క గడికి సాగాలి. లోపలి జంట అయితే లోపలి నుంచి అంచు చుక్కకి వచ్చిన గీతకి వెనక్కి పోయే దారి ఉండదు, అదీ పక్క గడి అంచు మీదికే పోవాలి. కాబట్టి ఏ అవకాశం నిజమైనా, మూల 2కి అటూ ఇటూ ఉన్న గళ్ల బయటి అంచుల మీద గీతలు ఖాయం. జవాబు తెలియకుండానే జవాబులో రెండు గీతలు చేతికొస్తాయి.

ఇక 3, 0 పక్కపక్కన. సున్నా కింద మూడు ఉందనుకుందాం. సున్నా చుట్టూ నాలుగు ఇంటూలు. వాటిలో ఒకటి మూడు నెత్తిన పడింది కాబట్టి మూడుకి మిగిలిన మూడు వైపులూ గీతలే. ఇక్కడితో ఆగిపోతారు చాలామంది. మూడు పైమూలల్లో ఉన్న చుక్కల్ని చూడండి. ఎడమ చుక్కకి కింది నుంచి గీత వచ్చింది. పైకి పోదామంటే సున్నా ఎడమ వైపు ఇంటూ, కుడికి పోదామంటే మధ్య వైపు ఇంటూ. మిగిలింది ఎడమకే. అలాగే కుడి చుక్క నుంచి కుడికి. మూడు కింది మూలల్లోని చుక్కలకి ఇప్పటికే రెండేసి గీతలు ఉన్నాయి కాబట్టి అక్కడి నుంచి బయటికి పోయే నాలుగు దారులూ ఇంటూలు. ఒక్క జంట వల్ల అయిదు గీతలు తేలిపోయాయి.

ఈ జంట రెండు గళ్లూ ఒకే అంచును ఆనుకుని ఉండటం మాత్రం కుదరదు. మూడు నుంచి వచ్చిన గీత అంచు చుక్క దగ్గర నిలిచిపోతుంది. పజిల్‌లో అలా కనిపిస్తే అంకె తప్పు పడిందని ఖాయం చేసుకోవచ్చు. 3, 0 మూలమూలగా తగులుతుంటే వేరే ఫలితం: సున్నా ఆ ఉమ్మడి చుక్కకి రెండు దారులు మూసేసింది కనుక, మూడుకి అది పజిల్ మూలతో సమానం. ఆ చుక్క దగ్గర కలిసే మూడు రెండు వైపుల మీదా గీతలు.

ఇదంతా ఒక చిన్న పజిల్‌లో చూద్దాం. నాలుగు వరసలు, వరసకి నాలుగు గళ్లు, ఆరే అంకెలు. కాగితం మీద దించుకుని చదివితే సులువు.

```
+   +   +   +   +
      0       3
+   +   +   +   +
      3
+   +   +   +   +

+   +   +   +   +
  2   3       1
+   +   +   +   +
```

మొదట 0, దాని కింది 3: ఇందాకటి అయిదు గీతలూ, నాలుగు ఇంటూలూ వేసేయండి. సున్నా పైఅంచు ఇంటూ కాబట్టి అక్కడి రెండు చుక్కల నుంచి పైఅంచు వెంట అటూ ఇటూ కూడా దారి లేదు. ఎడమవైపు మూల చుక్కకి ఒక్క దారే మిగిలింది, అంటే అదీ ఇంటూ. అందువల్ల ఎడమ అంచుకి చేరిన గీత కిందికే దిగాలి. రెండో వరస దాటాక కుడికి తిరగడానికి ఇంటూ అడ్డం, కాబట్టి మూడో వరస అంచు మీదికీ దిగుతుంది.

కుడి పైమూల 3కి బయటి రెండు గీతలు ఖాయం. పైఅంచు మీది గీత ఎడమకి సాగలేదు కనుక 3 ఎడమ వైపున దిగి, 0–3 నుంచి కుడికి వచ్చిన గీతతో కలుస్తుంది. మూడు వైపులూ నిండాయి, అడుగు వైపు ఇంటూ. కుడి అంచు మీది గీత రెండో వరస అంచున కిందికి సాగుతుంది.

ఇప్పుడు అడుగు వరస, పజిల్ అంతటిలో రుచి ఇక్కడే. మూల 2 వల్ల పక్కనున్న 3 అడుగున గీత ఖాయం. 2కి బయటి జంట అనుకుని చూడండి. అప్పుడు 2 పైవైపు, కుడివైపు ఇంటూలు. ఆ రెండూ కలిసే చుక్కకి పైకి పోయే దారి ఇందాకే మూసుకుపోయింది. నాలుగు దారుల్లో మూడు పోయాక మిగిలిన నాలుగోది, అంటే 3 పైవైపు, పనికిరాదు. ఎడమవైపూ పోయింది, పైవైపూ పోయింది, ఇక 3కి మూడు గీతలు ఎక్కణ్నుంచి వస్తాయి? కాబట్టి 2కి లోపలి జంటే. ఆ చుక్క నిండింది, 3 పైవైపు ఇంటూ, కుడివైపు గీత.

ఆ కుడివైపు గీత 3 పైచివర నుంచి కుడికి తప్ప పోలేదు. కిందిమూల 1కి బయటి రెండూ ఇంటూలు. 3 అడుగున వచ్చిన గీత పైకి తిరిగింది కాబట్టి పక్క గడి అడుగు వైపు కూడా ఇంటూ. దాంతో 1 ఎడమ వైపుకి కింద ఆసరా లేదు. మిగిలింది 1 పైవైపే. గీత దాని మీదుగా కుడి అంచుకి చేరి, మూడో వరస అంచున పైకెక్కి, పై నుంచి దిగిన గీతతో కలిసిపోతుంది. మొత్తం 18 చిన్న గీతలు, ఒకే చుట్టు.

పెద్ద పజిళ్లలో ఈ జంటలూ మూలలూ అయిపోయాక చాలా భాగం ఖాళీగా మిగులుతుంది. అప్పుడు ఒకే చుట్టు అన్న నియమం పనికొస్తుంది. పొడుగాటి గీత రెండు కొసలూ పక్కపక్క చుక్కల దగ్గరికి వచ్చాయా, బయట ఇంకా ఎక్కడైనా గీత ఉందా, లేక గీత అందని అంకె మిగిలిందా చూసుకోండి. ఉంటే ఆ రెండు చుక్కల మధ్య ఇంటూ పెట్టవచ్చు.