జోలపాటకు ఇద్దరు శ్రోతలు

జోలపాటకు ఎప్పుడును ఇద్దరు శ్రోతలు ఉందురు. ఉయ్యాలలోని శిశువు ఒకరు. పాడుచున్న తల్లియే రెండవవారు. శిశువునకు మాట తెలియదు. ఊపునకు సరిపడు లయ, మరల మరల వినవచ్చు ‘జో’ అను దీర్ఘధ్వని మాత్రమే వానికి అందును. అర్థమంతయు పెద్దల వంతు. అందుచేతనే, నిద్రపుచ్చుటకు అక్కరలేని విషయములు ఎన్నో జోలలో చేరియుండును.

తాళ్ళపాక అన్నమాచార్యుని (1408–1503) పేర ప్రసిద్ధమైన అచ్యుతానంద జోలను తీసికొందము. అందులో ఒక చరణము మీగడ దొంగతనమును గూర్చినది. కృష్ణుడు మీగడ తినివేసి, కొంత ఆ యింటి కోడలి మూతికి పూసెను. తిన్నది నీవేనా యని అత్త కోడలిని అడుగుచుండగా విని, దొంగ ఈమెయే, కొట్టుమని తానే తీర్పు చెప్పెను.

పైకి ఇది పిల్లవాని అల్లరి. ఇక నెమ్మదిగా చూతము. మొదట, కథలో ఎవరెవరున్నారో లెక్కింపవలెను. తిన్నవాడు, అడిగినది, నింద పడినది: మొత్తము ముగ్గురు. వారిలో నోరు మెదపనిది కోడలు ఒక్కతెయే. నిజము తరువాత బయటపడినదని కూడ చరణము చెప్పదు.

రెండవది, పాడునది ఎవరో తలపవలెను. ఆమెయు సాధారణముగ ఒక యింటి కోడలే. అత్త ప్రక్కగదిలోనే ఉండవచ్చును. చేయని తప్పునకు మాటపడుట ఎట్టిదో ఆమె సూటిగా చెప్పలేదు. కాని బాలకృష్ణుని ముద్దుచేయు పాటలో చెప్పినచో ఎవరును తప్పుపట్టరు, అత్తయు నవ్వును.

మూడవది, తక్కిన చరణములతో కలిపి చదువవలెను. ఈ బాలుడే పాలసముద్రమున పవళించినవాడని ఒకచోట కలదు. బంగారు గిన్నెలో పాలు పోసెదము రమ్మని మరియొకచోట వానినే పిలుతురు. పాలకడలియే పడకగా గలవానికి ఒక గిన్నెడు పాలు! అట్టివానికి మీగడ కొరత కాదు. అతనికి కావలసినది ఆ యిండ్లలో చనవు. దేవుని ఇంటిబిడ్డగా చేసికొనుట ఈ జోలలోని భక్తి.

ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. మీగడ జ్ఞానమనియు, కోడలు జీవుడనియు, అత్త మాయయనియు చెప్పుట సులభము. అట్లైనచో మూతికి పూయుట ఏల? కొట్టుమనుట ఏల? ఈ ప్రశ్నలకు బదులు లేనిచో, ఆ అర్థము పాటలోనిది కాదు, మనము తెచ్చి పెట్టినది. ఏ భావమునకైనను పాటలోని ఏ మాట ఆధారమో చూపగలుగవలెను.

ఈసారి మీ యింట జోల వినవచ్చినపుడు, అందులో మాటాడక నిలిచియున్నవారు ఎవరో గమనింపుడు. పాట వారిని గూర్చియే కావచ్చును.