పాత చందాదారుకు ధర పెంపు ఉత్తరం

సబ్‌స్టాక్‌ లాంటి వేదికల మీద డబ్బులకు న్యూస్‌లెటర్ నడిపే రచయితకు ఏదో ఒక రోజు చందా పెంచక తప్పదు. కొత్తగా చేరేవాళ్లతో చిక్కు లేదు, రాసి ఉన్న ధర చూసే చేరతారు. ఏళ్ల తరబడి ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్ల కార్డు నుంచి ఏటా డబ్బు దానంతటదే వెళ్లిపోతుంటుంది, ధర ఎంతో వాళ్లు మళ్లీ చూడరు.

ఒక లెక్క చూద్దాం. ఏడాదికి 50 డాలర్ల చొప్పున 600 మంది పాత చందాదారులు కడుతున్నారు. దాన్ని 60కి పెంచితే వాళ్లలో 100 మంది మానేసినా రాబడి అదే 30,000 డాలర్లు. అంటే ఆరుగురిలో ఒకరు వెళ్లిపోయేదాకా నష్టం లేదు. ఈ లెక్క చూసుకునే చాలామంది ధైర్యం చేస్తారు. కానీ వార్షిక చందాలన్నీ ఒకే రోజున రెన్యువల్ కావు. ఎవరు ఉన్నారో, ఎవరు మానేశారో పూర్తిగా తేలడానికి ఏడాది పడుతుంది. మొదటి నెల అంకెలు చూసి సంబరపడకూడదు, కంగారూ పడకూడదు.

ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది తేదీ. ‘త్వరలో ధరలు మారుతున్నాయి’ అంటే చదివినవారికి ఏమీ తెలియదు. ‘మీ చందా మార్చి 14న రెన్యువల్ అవుతుంది. ఆ రోజు మీ కార్డు నుంచి 50 బదులు 60 డాలర్లు వెళ్తాయి. వద్దనుకుంటే ఆలోపు ఇక్కడ రద్దు చేసుకోండి’ అని రాయాలి. సబ్జెక్టు లైన్‌లోనే ధర మాట ఉండాలి. పెంపుకు కారణం రెండు వాక్యాల్లో చెబితే చాలు. కారణాలు పేజీ నిండితే అసలు అంకె వాటి కింద పడిపోతుంది. కనీసం నెల ముందు ఒకసారి, వారం ముందు మరోసారి పంపడం మంచిది.

ఈ ఉత్తరం చూసి, చదవడం ఎప్పుడో మానేసినవాళ్లు కొందరు చందా రద్దు చేసుకుంటారు. ఆ భయంతోనే కొందరు విషయాన్ని మామూలు సంచిక అడుగున దాచేస్తారు. అది తప్పు, పైగా నష్టం. చెప్పకుండా పెద్ద మొత్తం తీసుకున్నారని చందాదారు బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే కట్టిన డబ్బు వెనక్కి పోతుంది. పైన జరిమానా లాంటి రుసుము కూడా రచయిత మీదే పడుతుంది. రద్దులు తక్కువగా ఉండి ఇలాంటి ఫిర్యాదులు పెరిగాయంటే ఉత్తరం జనానికి చేరలేదన్నమాట.

ధర పెంచకుండా పాతవాళ్లను అలాగే ఉంచే దారీ ఉంది. అయితే వాళ్లే ఎక్కువమంది అయినప్పుడు పెంచిన ఫలితం దక్కదు. గడువులోగా కోరినవారికి మరో ఏడాది పాత ధరకే ఇవ్వడం నాకు న్యాయంగా తోస్తుంది.

మన దేశంలో చందాదారులుంటే మరో వాక్యం చేర్చాలి. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలా తరచూ కట్టే కార్డు చెల్లింపుకు కనీసం 24 గంటల ముందు బ్యాంకు సమాచారం పంపాలి. మొదట అనుమతించిన మొత్తం కన్నా ధర ఎక్కువైతే కొత్తగా అనుమతి తీసుకోవాలి. లేకపోతే చదవాలని ఉన్నవారి చందా కూడా ఆగిపోతుంది.