అడవిలో షూటింగ్: జనరేటర్ లెక్క ఎక్కడ తప్పుతుంది?

‘పుష్ప’ తర్వాత మారేడుమిల్లి వైపు వెళ్లే చిన్న సినిమాల యూనిట్లు పెరిగాయి. పగటి సీన్లకు పెద్ద ఇబ్బంది లేదు. అడవి అంచున ఒక గూడెంలో రాత్రి సీన్ తీయాలంటేనే కరెంటు సమస్య మొదలవుతుంది. గూడెంలో ఉన్నది చిన్న ట్రాన్స్‌ఫార్మర్. దాని మీద ఇళ్ల లైట్లు, ఫ్యాన్లు నడుస్తాయి. మన పెద్ద లైటు ఒక్కటి వేస్తే ఊరంతా వోల్టేజీ పడిపోతుంది. పైగా లైనుకు కొక్కెం తగిలించడం 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద నేరం. కాబట్టి జనరేటర్ తప్పదు. ఎంత పెద్దది కావాలన్నదే ప్రశ్న.

ఒక మామూలు రాత్రి సీన్ తీసుకుందాం. వెన్నెల కోసం 4 కిలోవాట్ల హెచ్‌ఎమ్‌ఐ లైటు ఒకటి, చెట్ల వెనక 1.2 కిలోవాట్లవి రెండు. ముఖాల మీదికి ఎల్‌ఈడీలు, మానిటర్, బ్యాటరీ ఛార్జర్లు అన్నీ కలిపి 2.2 కిలోవాట్లు. మొత్తం 8.6. అయితే 10 కేవీఏ జనరేటర్ చాలనిపిస్తుంది. చాలదు.

హెచ్‌ఎమ్‌ఐ లైటును వెలిగించేది బ్యాలస్ట్ అనే పెట్టె. అద్దెకు దొరికే పాత బ్యాలస్ట్‌లలో చాలావాటికి పవర్ ఫ్యాక్టర్ సరిదిద్దే ఏర్పాటు ఉండదు. అలాంటి వాటి పవర్ ఫ్యాక్టర్ సుమారు 0.6 అనుకోవచ్చు. అంటే లైటు వాడేది 4 కిలోవాట్లే అయినా, జనరేటర్ మోయాల్సింది దాదాపు 6.7 కేవీఏ. మూడు హెచ్‌ఎమ్‌ఐలకు 10.7, మిగతావాటికి రెండున్నర లోపు, మొత్తం 13 కేవీఏ.

సరే, 15 కేవీఏ తెచ్చుకుంటే? ఎక్కువమంది తప్పులో కాలేసేది ఇక్కడే. త్రీ ఫేజ్ జనరేటర్ శక్తి మూడు ఫేజులకు సమానంగా పంచి ఉంటుంది. 15 కేవీఏ అంటే ఫేజుకు 5. మన పెద్ద లైటు ఒకే ఫేజు మీద 6.7 అడుగుతుంది. మిగతా రెండు ఫేజులు ఖాళీగా ఉన్నా దానికి ఉపయోగం లేదు, బ్రేకర్ పడిపోతుంది. 25 కేవీఏ అయితే ఫేజుకు 8.3 వస్తుంది. ఒక ఫేజుకు పెద్ద హెచ్‌ఎమ్‌ఐ, రెండోదానికి చిన్నవి రెండు, మూడోదానికి ఎల్‌ఈడీలు, మానిటర్. ఈ సీనుకు సరైన సైజు ఇదే. అలాగని 125 కేవీఏ వ్యాన్ తేవడమూ మంచిది కాదు. మరీ తక్కువ లోడు మీద గంటలకొద్దీ నడిస్తే డీజిల్ పూర్తిగా కాలదు, పొగగొట్టంలో మసి, నూనె జిగురు పేరుకుంటాయి.

ఇక కేబుల్. డైలాగులు అక్కడికక్కడే రికార్డు చేస్తుంటే జనరేటర్‌ను 100 మీటర్లైనా దూరంగా, వీలైతే మిట్ట చాటున పెట్టాలి. ఆ దూరానికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేస్తే, పెద్ద లైటు లాగే 29 ఆంపియర్లకు దారిలోనే 25 వోల్టులు పోతాయి. అక్కడ 230 ఉన్నది ఇక్కడికి 205 అవుతుంది. ఎలక్ట్రానిక్ బ్యాలస్ట్ ఆ లోటు పూడ్చుకోవడానికి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, కేబుల్ ఇంకా వేడెక్కుతుంది. అదే 10 చదరపు మిల్లీమీటర్లది వేస్తే పోయేది 10 వోల్టులే. మిగిలిన కేబుల్‌ను చుట్టగా వదిలేయకూడదు. వేడి బయటికి పోలేక ఇన్సులేషన్ కరుగుతుంది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది న్యూట్రల్ వైరు. దారిలో అది వదులైతే మన ఫేజుల మధ్య ఉండే 400 వోల్టులు లైట్ల మీద ఇష్టం వచ్చినట్టు పంచుకుపోతాయి. తక్కువ లోడు ఉన్న ఫేజుకే ఎక్కువ వోల్టేజీ పడుతుంది. మన లెక్కలో అది ఎల్‌ఈడీలు, మానిటర్ ఉన్న ఫేజు. కొన్ని లైట్లు మసకబారుతూ, అదే క్షణంలో మరికొన్ని ఉన్నట్టుండి ప్రకాశవంతమైతే, కారణం వెతకడం తర్వాత, ముందు మెయిన్ ఆపేయాలి. లైట్లు తగిలించక ముందే న్యూట్రల్ బోల్టులు బిగించి, మల్టీమీటర్‌తో మూడు ఫేజుల్లోనూ 230 చూసుకోవాలి.

షాక్ నుంచి కాపాడే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టుకుంటే చాలనుకోవద్దు. జనరేటర్ న్యూట్రల్‌ను దాని బాడీకి, నేలలో దిగేసిన ఎర్త్ రాడ్‌కు కలపకపోతే, లీకైన కరెంటు తిరిగి వెళ్లడానికి దారి ఉండదు, ఆర్‌సీసీబీకి తెలియదు. మంచుతో తడిసిన గడ్డి మీద చెప్పులతో తిరిగే లైట్‌మెన్‌కు అది ప్రాణాల మీదికి వస్తుంది. ప్రతి రాత్రీ మొదటి లైటు వేసే ముందు ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. కానీ ఆ బటన్ పరికరం పనిచేస్తోందా అనేదే చెబుతుంది, ఎర్తింగ్ సంగతి చెప్పదు. దాన్ని ఎలక్ట్రీషియనే మీటరుతో చూడాలి.

ఈ సైజు జనరేటర్ సగం లోడు మీద గంటకు మూడు, నాలుగు లీటర్ల డీజిల్ తాగుతుంది. పన్నెండు గంటల రాత్రికి యాభై లీటర్లు దగ్గర ఉంచుకుని, ఇంజిన్ ఆపి చల్లారాకే పోయాలి. నిర్మాతలకు నా విన్నపం ఒక్కటే: జనరేటర్ బుక్ చేసేటప్పుడు వాట్లు మాత్రమే చెప్పకండి. లైట్ల జాబితా, ఏ బ్యాలస్ట్, ఎంత దూరం అన్నవి ముందే పంపి, ఏ లైటు ఏ ఫేజు మీదో కాగితం మీద రాయించుకోండి.