డెబ్బై అక్షరాల్లో మందుల షాపు

ఇంగ్లిష్ ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 మాత్రమే. అందులో గుణింతం, ఒత్తు, పొల్లు విడివిడిగా లెక్క. చూపుకు మూడక్షరాల ‘తగ్గింపు’కు ఎనిమిది ఖర్చు!

‘మా మెడికల్ షాపులో బీపీ మిషన్లపై 10% తగ్గింపు, ఆదివారం వరకు.’ ఖాళీలతో సహా 59. దీనికి ‘హోం డెలివరీ ఉచితం’ తగిలిస్తే 77. అప్పుడది రెండు మెసేజ్‌లుగా చీలుతుంది, బిల్లూ రెండింటికి పడుతుంది. డెలివరీ మాట వదిలేయడమే మేలు.

పంపేముందు ట్రాయ్ నిబంధనల ప్రకారం షాపు పేరును, ఈ వాక్యాన్ని టెలికాం కంపెనీల డీఎల్‌టీ వేదికలో నమోదు చేయించాలి. బిల్లు కోసం నంబరిచ్చినంత మాత్రాన ప్రకటనలకు ఒప్పుకున్నట్టు కాదు; ఆ సమ్మతి విడిగా అడగాలి. ‘మీ షుగర్ మాత్రలు’ అని మాత్రం రాయకండి, ఫోన్ ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుందో!